కార్డు మీది ముఖం, కార్డు లోపలి ముఖం

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం, ఒడిశా సరిహద్దులోని పర్లాకిమిడిలో ఫొటో స్టూడియో నడుపుకునే ఒకాయన ఒక కాగితం మడిచి పట్టుకుని నా వకీలు ఆఫీసుకు వచ్చారు. అది భారతీయ నాగరిక సురక్షా సంహిత 35(3) సెక్షను కింద పక్క రాష్ట్రంలోని ఒక సైబర్ పోలీసు ఠాణా పంపిన హాజరు నోటీసు. కూర్చోమన్నా కూర్చోకుండా ఆయన చెప్పిన మాట ఇది: "ఒక ఫొటో మార్చి ఇచ్చానండి, అంతే. కార్డు వాళ్ల బావదే. బావకి తెలుసన్నాడు. నూటయాభై తీసుకున్నాను." ఆ నాలుగు ముక్కల్లో ఆయన తన సమర్థన మొత్తం చెప్పుకున్నారు. ప్రాసిక్యూషనుకు కావలసిన సంగతులు కూడా చాలావరకు అందులోనే ఉన్నాయి. ఎందుకు ఉన్నాయో వివరించడానికే ఈ వ్యాసం. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను.

జరిగింది ఇది. పర్లాకిమిడి కుర్రవాడొకడు గతంలో తీసుకున్న అప్పు కట్టలేక క్రెడిట్ స్కోరు పాడుచేసుకున్నాడు. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్ర వైపు వచ్చే పాతపట్నంలో అతని బావ ఉన్నాడు, ఆయన పేరున ఏ అప్పూ లేదు. ఇద్దరూ మాట్లాడుకుని, బావ ఆధార్, పాన్, బ్యాంకు పాసుపుస్తకం తీసుకుని, సెల్‌ఫోన్‌లో అప్పులిచ్చే ఒక యాప్‌లో దరఖాస్తు పెట్టాలనుకున్నారు. యాప్ సెల్ఫీ అడుగుతుంది. బావకు అలాంటి పనులు రావు, పైగా వేళకు అందుబాటులో ఉండడు. అందుకని ఆధార్ కార్డు బొమ్మలో బావ ముఖం తీసి తన ముఖం పెట్టించుకున్నాడు కుర్రవాడు. స్టూడియో వాళ్లకు ఇది పది నిమిషాల పని. పెళ్లి ఫొటోలో కళ్లు మూసుకున్న పెద్దాయనకు మరో ఫొటోలోని కళ్లు అతికించడం వాళ్లు రోజూ చేసేదే. ఇప్పుడు ముఖాలు మార్చే సాఫ్ట్‌వేరు కూడా వచ్చింది కాబట్టి చర్మం రంగు, వెలుగు, మెడ దగ్గర అతుకు అన్నీ అదే సర్దేస్తుంది. ఆ అప్పుల సంస్థ అప్‌లోడ్ అయిన కార్డు బొమ్మనూ సెల్ఫీనీ పక్కపక్కన పోల్చి, రెండూ ఒకే ముఖమని తేల్చుకుని, అరవై వేలు బావ ఖాతాలో వేసింది. మూడు వాయిదాల తరువాత చెల్లింపులు ఆగిపోయాయి. వసూలు మనుషులు పాతపట్నంలో బావ ఇంటికి వచ్చి కూర్చున్నారు. నలుగురిలో పరువు పోతుందని ఆయన, ఆ అప్పు సంగతే తనకు తెలియదనీ, ఎవరో తన కార్డు వాడుకున్నారనీ ఫిర్యాదు ఇచ్చాడు.

ఫిర్యాదు అందాక కార్డును పరిశీలించిన పద్ధతి తెలుసుకోవలసినది, ఎందుకంటే కేసు మొత్తం అక్కడే తేలిపోయింది. ఆధార్ కార్డు మీద ముద్రించిన నలుపు తెలుపు గళ్ల క్యూఆర్ కోడ్ చాలామంది అనుకున్నట్టు వట్టి అలంకారం కాదు, ఆధార్ సంఖ్యను మాత్రమే దాచుకున్నదీ కాదు. అందులో పేరు, పుట్టిన తేదీ, చిరునామాతో పాటు కార్డుదారుడి చిన్న ఫొటో కూడా ఉంటుంది. ఆ సమాచారం మొత్తం మీద ఆధార్ ప్రాధికార సంస్థ డిజిటల్ సంతకం ఉంటుంది. సంస్థ ఇచ్చే స్కానర్ యాప్‌తో చూస్తే ఆ సంతకం సరైనదో కాదో చెప్పి, లోపలున్న ఫొటోను తెర మీద చూపిస్తుంది. కుర్రవాడి కార్డు బొమ్మను స్కాన్ చేసినప్పుడు పైన ముద్రించిన ముఖం ఒకటి, తెర మీద తేలిన ముఖం మరొకటి. మెడలో కండువాతో, కాస్త మసగ్గా బావ కనిపించాడు. స్టూడియో ఆయన పై ముఖాన్ని మార్చారు గాని లోపలి ముఖాన్ని మార్చలేదు. మార్చాలనుకున్నా ఆయన వల్ల కాదు. ఒక్క అక్షరం మారినా సంతకం చెల్లదని యాప్ చెప్పేస్తుంది. సంతకం చేయడానికి కావలసిన తాళంచెవి సంస్థ దగ్గర తప్ప మరొకరి దగ్గర ఉండదు.

కార్డును ఎవరు ఏ పద్ధతిలో చూస్తున్నారన్న దాన్ని బట్టి పైముఖం మార్పు ఎంత దూరం పోతుందో ఉంటుంది. లాడ్జి కౌంటరులో జిరాక్సు కాపీ తీసి రిజిస్టరులో పిన్ను కొట్టుకునే మనిషి దగ్గర ఆ ముఖం చెల్లుతుంది. క్యూఆర్ కోడ్ స్కాన్ చేసే చోట చెల్లదు. ఆధార్ ముఖ ధ్రువీకరణ వాడే చోట అసలు కార్డునే చూడరు. కెమెరా ముందున్న మనిషి ముఖాన్ని నేరుగా సంస్థ భాండాగారంలోని ఫొటోతో పోలుస్తారు. కాబట్టి కార్డు మీద ఏ ముఖం ఉన్నా దానికి పట్టదు. బ్యాంకుల వీడియో కేవైసీ ఈ రెండింటి మధ్య ఉంటుంది. రిజర్వు బ్యాంకు 2020లో దానికి అనుమతినిచ్చి, 2021లో నిబంధనలను బిగించింది. బ్యాంకు అధికారే స్వయంగా మాట్లాడాలి, మనిషి భారతదేశంలోనే ఉన్నాడని స్థానం నమోదు కావాలి, ఎదురుగా ఉన్నది బతికున్న మనిషేనని సాఫ్ట్‌వేరు తేల్చాలి, అడిగే ప్రశ్నల వరుస ప్రతిసారీ మారాలి, సంభాషణ మొత్తం తేదీ, సమయంతో రికార్డు కావాలి. ప్రశ్నల వరుస మార్చమనడం చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ముందే తయారుచేసిన వీడియోను కెమెరా బదులు ఆడించేవాళ్లను ఆపేది ముఖ్యంగా అదే.

చట్టం దీన్ని ఎలా చూస్తుందన్న దగ్గర చాలామంది పొరపడతారు. మన దేశంలో ముఖం మార్చడం అనే పేరుతో ఒక నేరం లేదు. ఆ మాట పట్టుకుని అది నేరమే కాదని వాదించేవాళ్లు నాకు తరచు తగులుతుంటారు. కత్తి పట్టుకోవడం నేరం కాదన్నట్టే ఇదీ. చట్టం ఆ పనితో ఏం చేశారన్నది చూస్తుంది, ఏ ఉద్దేశంతో చేశారన్నది చూస్తుంది. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 335వ సెక్షను ప్రకారం, చట్టబద్ధమైన అధికారం లేకుండా, మోసపు ఉద్దేశంతోనో అక్రమ లాభం కోసమో ఒక పత్రంలో ముఖ్యమైన భాగాన్ని మార్చినవాడు దొంగ పత్రం తయారు చేసినవాడే. ఎలక్ట్రానిక్ రికార్డుకు కూడా అది వర్తిస్తుంది. గుర్తింపు కార్డులో ఫొటో కన్నా ముఖ్యమైన భాగం ఏముంటుంది? ఆ దొంగ పత్రంతో ఎవరి చేతనైనా డబ్బు ఇప్పించాలనో, ఒప్పందం చేయించాలనో అనుకుంటే అది ఫోర్జరీ అవుతుంది. మోసం కోసం చేసిన ఫోర్జరీకి 336(3) కింద ఏడేళ్ల వరకు శిక్ష ఉంది.

ఆ తరువాతి 337వ సెక్షనును నేను ప్రత్యేకంగా చదివి వినిపిస్తుంటాను. పాత శిక్షాస్మృతిలో కోర్టు రికార్డులు, జనన వివాహ రిజిస్టర్ల ఫోర్జరీకి ఒక సెక్షను ఉండేది. కొత్త సంహితలో ఆ జాబితాలోకి ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు పత్రాలు వచ్చి చేరాయి, ఓటరు కార్డు, ఆధార్ కార్డు పేర్లతో సహా. దానికీ ఏడేళ్ల వరకు శిక్ష. అంటే ఆ అరవై వేల అప్పు మంజూరు కాకపోయినా, కార్డు బొమ్మ తయారై కంప్యూటరులో ఉన్నదన్నంత వరకే ఒక కేసు నిలబడగలదు. తయారు చేయకపోయినా, దొంగదని తెలిసి, అసలుదిగా చూపించే ఉద్దేశంతో దగ్గర పెట్టుకోవడం 339 కింద వేరే నేరం. అసలుదిగా వాడితే 340 కింద, తయారు చేసినవాడికి ఎంత శిక్షో వాడినవాడికీ అంతే.

వీటి మీద సమాచార సాంకేతిక చట్టం వచ్చి చేరుతుంది. మరొకరి పాస్‌వర్డును గాని, ఎలక్ట్రానిక్ సంతకాన్ని గాని, ప్రత్యేక గుర్తింపు లక్షణాన్ని గాని మోసపూరితంగా వాడితే 66సి. కంప్యూటరు ద్వారా వేరొకరిగా నటించి మోసం చేస్తే 66డి. రెండింటికీ మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. ఈ రెండూ బెయిలు దొరికే నేరాలే. దాన్ని విని ఊపిరి పీల్చుకునేవాళ్లకు ఫోర్జరీ, మోసం సెక్షన్లు కూడా అదే ఎఫ్ఐఆర్‌లో ఉంటాయని గుర్తు చేయవలసి వస్తుంది.

ఈ వాడుక మొదట్లోనే కనిపించిన కేసు తెలుగువాళ్లకు బాగా తెలిసినదే. 2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరో యువతి వీడియోకు అతికించి ప్రచారం చేసినప్పుడు ఢిల్లీ పోలీసులు పెట్టిన సెక్షన్లు పాత శిక్షాస్మృతి 465, 469, ఐటీ చట్టం 66సి, 66ఇ. మొదటి రెండూ ఫోర్జరీకి సంబంధించినవి. 2024 జనవరిలో గుంటూరు వైపు కుర్రవాడిని అరెస్టు చేశారు. ఫాలోవర్లు పెరగాలన్నదే ఉద్దేశమని పోలీసులు చెప్పారు. డబ్బు చేతులు మారకపోయినా ఫోర్జరీ సెక్షను పడగలదనడానికి, పరువు తీయడానికి చేసిన ఫోర్జరీ కూడా ఫోర్జరీయే అనడానికి ఆ ఎఫ్ఐఆర్ ఒక ఉదాహరణ.

ఇక స్టూడియో ఆయన మాటలకు వస్తాను. "బావకి తెలుసు" అన్నది ఆయన దృష్టిలో రక్షణ. ఇంట్లో ఒకరి చొక్కా మరొకరు వేసుకున్నట్టు, బావ కార్డు బామ్మర్ది వాడుకున్నాడన్న భావన మన వైపు చాలా సహజం. కాని ఇక్కడ మోసపోయింది బావ కాదు, అప్పిచ్చిన సంస్థ. ఎవరికి అప్పు ఇస్తున్నామన్న విషయంలో దాన్ని పక్కదారి పట్టించారు. బావ ఒప్పుకోవడం వల్ల ఆ మోసం తగ్గదు, పైగా మోసంలో మరో మనిషి చేరతాడు. బ్యాంకు స్టేట్‌మెంటు తెప్పించి చూస్తే అప్పు పడిన మర్నాడు అరవై వేలలో యాభై వేలు కుర్రవాడి ఖాతాకు వెళ్లాయి, పదివేలు బావ దగ్గర మిగిలాయి. ఫిర్యాది అయిన బావ, దర్యాప్తు పూర్తయ్యేసరికి మూడో నిందితుడయ్యాడు. ఫిర్యాదులో చెప్పిన అబద్ధానికి వేరుగా జవాబు చెప్పుకోవలసిన పరిస్థితి కూడా తెచ్చుకున్నాడు.

స్టూడియో ఆయన సంగతి కాస్త చిక్కైనది. ఆయన బాధ్యత అంతా ఆయనకు ఏం తెలుసన్న దాని మీద ఆధారపడుతుంది. పాస్‌పోర్టు సైజు ఫొటోకు కోటు తొడగడం, పెళ్లి సంబంధాల ఫొటోలో రంగు తేల్చడం నేరాలు కావు. కాని ప్రభుత్వ ముద్ర ఉన్న కార్డు తెచ్చి, పేరు ఒకరిది, ముఖం మరొకరిది చేసి ఇమ్మన్నప్పుడు, ఇది ఎవరినో నమ్మించడానికేనని తెలియలేదంటే న్యాయమూర్తి నమ్మడం కష్టం. పైగా "కార్డు వాళ్ల బావదే" అని ఆయనే అంటున్నారు. అంటే ముఖం బావది కాదని ఆయనకు తెలుసు. నూటయాభై రూపాయలు తక్కువే గాని, కొట్టు ఫోన్‌కు ఆన్‌లైన్‌లో వచ్చిన చెల్లింపు కాబట్టి తేదీ, సమయంతో సహా రికార్డయి ఉంది.

మూడు సందర్భాలను విడివిడిగా చూస్తే విషయం తేటపడుతుంది. నా ముఖం మరొకరి కార్డు మీద పెట్టుకోవడం పైన చెప్పిన కేసు. మరొకరి ముఖం నా కార్డు మీద పెట్టడం పరీక్షల్లో కనిపించే రకం. నా బదులు పరీక్ష రాసేవాడి ముఖం నా హాల్ టికెట్ మీద ఉంటుంది, లేదా ఇద్దరి ముఖాలూ కలిపిన ఫొటో ఉంటుంది. ఇద్దరి ముఖాలను సగం సగం కలిపితే వచ్చే ఫొటో ఇద్దరికీ పోలినట్టే ఉంటుందని, యంత్రం కూడా ఇద్దరినీ ఒప్పుకోవచ్చని ఇటలీలోని బొలోనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లోనే చూపించారు. 2018లో జర్మనీలో ఉద్యమకారులు నిరసనగా అలాంటి ఫొటోతో నిజమైన పాస్‌పోర్టే తీసుకున్నారు. దరఖాస్తుదారుడే ఫొటో తెచ్చి ఇచ్చే ప్రతిచోటా ఈ లోపం ఉంటుంది. ఆధార్ కేంద్రంలోనూ, పాస్‌పోర్టు సేవా కేంద్రంలోనూ కెమెరా ముందు కూర్చోబెట్టి తీస్తారు గనుక అక్కడ దీనికి తావు తక్కువ. పరీక్షల దరఖాస్తుల్లో అప్‌లోడ్ చేసే ఫొటోలే ఇప్పటికీ బలహీనమైన చోటు.

మూడోది అమాయకంగా కనిపించేది, నా దగ్గరికి ఎక్కువగా వచ్చేదీ అదే. నా కార్డు, నా ముఖమే. పదేళ్ల కిందటి ఫొటోలో గుర్తుపట్టేలా లేను కాబట్టి కొత్త ఫొటో పెట్టించుకున్నాను అంటారు. ఇక్కడ మోసపు ఉద్దేశం లేదు కనుక ఫోర్జరీ నిలబడడం కష్టమని నా అభిప్రాయం. అయినా ఆ కార్డు చెల్లదు, స్కాన్ చేసిన ప్రతిచోటా లోపలి పాత ముఖం బయటపడి అనుమానం తెచ్చిపెడుతుంది, ఉద్దేశం లేదని నిరూపించుకునే తిరుగుడు మీకే మిగులుతుంది. ఆధార్ కేంద్రానికి వెళ్తే 125 రూపాయల రుసుముతో అసలు ఫొటోయే మారుతుంది. ఆధార్ చట్టం ఫొటోను కూడా బయోమెట్రిక్ సమాచారంగానే లెక్కిస్తుంది కాబట్టి అది బయోమెట్రిక్ మార్పు కిందికి వస్తుంది. అక్కడ మాత్రం మరొకరి వివరాలతో మార్పు చేయించబోతే అదే చట్టం 35వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు ఉంది.

అసలు లేని మనిషి ముఖాన్ని కంప్యూటరుతో పుట్టించి, లేని పేరుతో కార్డు చేస్తే ఎవరికీ నష్టం లేదు కదా అని ఒక ఇంజనీరింగు విద్యార్థి నన్నడిగాడు. వేరొకరిగా నటించి మోసం చేయడం గురించి చెప్పే 319వ సెక్షనులోనే దానికి జవాబు ఉంది. నటించిన ఆ మనిషి నిజంగా ఉన్నవాడైనా ఊహించినవాడైనా నేరం జరిగినట్టేనని వివరణ ఇచ్చారు. దానికి ఐదేళ్ల వరకు శిక్ష. అలాంటి కార్డుతో సిమ్ కార్డు తీసుకుంటే 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం 42వ సెక్షను కూడా పడుతుంది. మూడేళ్ల జైలు, లేదా యాభై లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఒకే ముఖంతో వేరువేరు పేర్ల మీద తీసుకున్న సిమ్ములను ఏరడానికి టెలికాం శాఖ వాడే సాఫ్ట్‌వేరు చేసే పని ముఖాలను పోల్చడమే.

పత్రాల నుంచి తెర మీది వేషాలకు వస్తే, సామాజిక మాధ్యమాల్లో ఒకరి ముఖంతో ఖాతా తెరిచి, వీడియో కాల్‌లో ఆ ముఖంతోనే మాట్లాడి, డబ్బు అడగడం ఇప్పుడు కొత్తేమీ కాదు. 2023 జూలైలో కోళికోడ్‌లో ఒక విశ్రాంత ఉద్యోగికి పాత సహోద్యోగి ముఖంతో వీడియో కాల్ వచ్చింది, ఆస్పత్రి ఖర్చులన్న మాట నమ్మి ఆయన 40,000 రూపాయలు పంపారు. మన జిల్లాల నుంచి విశాఖ, హైదరాబాదు, సూరత్ వెళ్లి పనిచేసేవాళ్లు ఎందరో ఉన్నారు. ఇంటి మనిషిని నెలల తరబడి ఫోన్ తెర మీదే చూసే కుటుంబాలకు ఇలాంటి కాల్ వస్తే అనుమానం తోచడం కష్టం. ముఖాన్ని పక్కకు పూర్తిగా తిప్పమనడం, చేతిని ముఖం ముందు నుంచి మెల్లగా దాటించమనడం కొంతవరకు పనికొచ్చే పరీక్షలు. నాసిరకం సాఫ్ట్‌వేరు అయితే దవడ అంచు, చెవిపోగు, కళ్లజోడు కమ్మి ఆ క్షణంలో కదిలిపోయి కనిపిస్తాయి. మెరుగైనది వాడితే ఇవేవీ కనిపించకపోవచ్చు. కాల్ కట్ చేసి, మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న నంబరుకు మనమే ఫోన్ చేయడం ఒక్కటే నమ్మదగిన పరీక్ష.

ఇలాంటి ఖాతాను తీయించడానికి ఉన్న నియమం చాలామందికి తెలియదు. 2021 ఐటీ నియమాల్లోని 3(2)(బి) ప్రకారం, ఎవరి ముఖం వాడారో ఆ వ్యక్తి గాని, అతని తరఫున మరొకరు గాని ఫిర్యాదు చేస్తే, మార్ఫింగ్ చేసిన చిత్రాలతో సహా వేరొకరిగా నటించే సమాచారాన్ని ఆ వేదిక గడువులోగా తొలగించాలి. మొదట ఆ గడువు 24 గంటలు ఉండేది. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమలులోకి వచ్చిన సవరణ దాన్ని 2 గంటలకు తగ్గించింది. కంప్యూటరుతో సృష్టించిన చిత్రానికి, వీడియోకు స్పష్టంగా కనిపించే గుర్తు ఉండాలన్న నిబంధన కూడా అప్పుడే వచ్చింది. దొంగ పత్రాలు పుట్టించే వాడకాన్ని సాంకేతికంగా అడ్డుకోవలసిన బాధ్యత ఆ పరికరాలు అందించే వేదికల మీద పెట్టారు. ఫిర్యాదు చేసేటప్పుడు మామూలు రిపోర్టు బటన్ నొక్కి ఊరుకోకుండా, ఆ వేదిక ఫిర్యాదుల అధికారికి ఖాతా లింకు, మీ నిజమైన గుర్తింపు, అది మీరు కాదన్న ఒక వాక్యం పంపాలి. అక్కడ న్యాయం జరగకపోతే 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల అప్పీలు కమిటీకి వెళ్లవచ్చు.

ముఖం మార్చినవాడి వైపు నుంచి చూస్తే, ఖాతా పోవడం ఒక్కటే నష్టం కాదు. ఖాతా తీసేసి పోస్టు చెరిపేసినంత మాత్రాన ఆనవాళ్లు పోవు. తొలగించిన సమాచారాన్నీ, రద్దయిన ఖాతా నమోదు వివరాలనూ వేదికలు 180 రోజులు భద్రపరచాలి. దర్యాప్తు సంస్థ రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఆకతాయి పని అనుకుని మర్నాడు ఉదయం చెరిపేశానని చెప్పేవాళ్లకు ఈ రెండు అంకెలూ చెబుతుంటాను.

బాధితులకు సరిహద్దు జిల్లాల్లో అదనంగా వచ్చే చిక్కు, ఎక్కడ ఫిర్యాదు చేయాలన్నది. మనిషి పర్లాకిమిడిలో, ఖాతా పాతపట్నంలో, అప్పిచ్చినవాడు బెంగళూరులో ఉంటే, ఇది మా పరిధి కాదని ఠాణాల మధ్య తిప్పడం పాత అలవాటు. నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ ఠాణాలోనైనా సమాచారం ఇవ్వవచ్చు, వాళ్లు నమోదు చేసి తగిన ఠాణాకు పంపాలి. ఎలక్ట్రానిక్ మార్గంలో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. సందేశాల ద్వారా చేసిన మోసాన్ని, సందేశం పంపిన చోటైనా అందిన చోటైనా విచారించవచ్చని 202 చెబుతుంది. డబ్బు పోయి ఉంటే వీటన్నిటికన్నా ముందు 1930కు ఫోన్ చేయాలి. అవతలి ఖాతాలో డబ్బు ఇంకా ఉండగానే ఆపించే వీలు మొదటి కొద్ది గంటల్లోనే ఉంటుంది. ఆ తరువాత cybercrime.gov.in లో వివరాలు నింపవచ్చు. మన వైపు ఠాణాల్లో దర్యాప్తు కాగితాలు ఒడియాలో నడుస్తాయి కాబట్టి, తెలుగులో ఉన్న చాటింగును అనువదించి జతచేస్తే నెలల ఆలస్యం తప్పుతుంది.

కార్డు విషయంలో మరో సరిహద్దు ముచ్చట చెప్పాలి. ఒడిశా చిరునామా ఉండి తెలుగు అక్షరాలున్న ఆధార్ కార్డు చూసి దొంగ కార్డని తేల్చేసిన గుమాస్తాలను చూశాను. కార్డు మీది భాష నమోదు సమయంలో ఎంచుకున్నదాన్ని బట్టి ఉంటుంది. ఆంధ్ర వైపు నమోదు చేయించుకుని, పెళ్లయి ఇటు వచ్చి చిరునామా మార్చుకున్న ఆడపిల్లలు మన దగ్గర లెక్కలేనంతమంది. అక్షరాలు చూసి అనుమానించడం కన్నా క్యూఆర్ స్కాన్ చేయడం తేలిక, న్యాయం కూడా.

తన పేరున అప్పు ఉందని నిజంగా తెలియని మనిషి ఏం చేయాలో కూడా చెప్పాలి, బావలా అబద్ధమాడినవాళ్ల వల్ల వీళ్లను కూడా నమ్మకపోతున్నారు కాబట్టి. క్రెడిట్ సమాచార సంస్థలు ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. అందులో మీది కాని అప్పు కనిపిస్తే అక్కడే అభ్యంతరం నమోదు చేయాలి. 30 రోజుల్లో పరిష్కరించకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం. sancharsaathi.gov.in లో మీ పేరున ఎన్ని సిమ్ములున్నాయో చూడవచ్చు. ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ తాళం వేస్తే వేలిముద్ర, కనుపాపతో పాటు ముఖ ధ్రువీకరణ కూడా ఆగిపోతుంది. అప్పిచ్చిన సంస్థను రాతపూర్వకంగా అడగవలసింది దరఖాస్తులో ఇచ్చిన సెల్ఫీ, కార్డు బొమ్మ, వీడియో రికార్డు. మీరు కాదని తేల్చేవి ఆ మూడే.

దొరికిన వీడియోనూ, స్క్రీన్‌షాట్లనూ కోర్టుకు ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) కింద ధ్రువపత్రం జతచేయాలి. దానిలో ఒక భాగం మీరు, మరో భాగం నిపుణుడు నింపాలి. ఫైలు హ్యాష్ విలువ అందులో రాయాలి. విండోస్ కంప్యూటరులో ఆ విలువ ఇలా వస్తుంది:

```
certutil -hashfile call.mp4 SHA256
```

వచ్చిన 64 అక్షరాలు ఆ ఫైలుకు వేలిముద్ర లాంటివి. ఫైలులో ఒక్క చుక్క మారినా విలువ పూర్తిగా మారిపోతుంది. అందుకే దొరికిన వెంటనే విలువ తీసి పెట్టుకోవాలి. వాట్సాప్‌లో నలుగురికి పంపి తిరిగి తెప్పించుకున్న వీడియోను తెస్తే అది కుదించుకుపోయి ఉంటుంది, విలువ సరిపోదు, అవతలి వకీలు అడిగే మొదటి ప్రశ్న అదే అవుతుంది.

స్టూడియో ఆయన నోటీసులో చెప్పిన తేదీకి హాజరయ్యారు, అడిగినవన్నీ చూపించారు, అరెస్టు కాలేదు. కాని ముఖం మార్చిన ఫైలు ఉన్న కంప్యూటరు హార్డ్ డిస్కును పోలీసులు సీలు వేసి తీసుకెళ్లారు. మూడు పెళ్లిళ్ల ఆల్బములు అందులోనే ఉన్నాయి. గుణుపురం పెళ్లివారు ఫోన్ చేసినప్పుడల్లా ఆయన నాకు ఫోన్ చేస్తున్నారు. డిస్కు నకలు ఇప్పించమని కోర్టులో దరఖాస్తు వేశాము, వాయిదా పడింది.